అడ్వాన్స్‌లో కోత పెట్టేటప్పుడు ఓనర్ చూపాల్సిన లెక్క

హైదరాబాద్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసేవారికి చివరి రోజున తరచుగా వినపడే మాట ఒకటుంది. "పెయింటింగ్‌కి ఒక నెల అద్దె పోతుంది. మిగతా రిపేర్లు చూసి చెప్తాను." బెంగళూరులో పనిచేసే తెలుగువాళ్ళకూ ఇది కొత్త కాదు. పది నెలల అద్దెను అడ్వాన్స్‌గా తీసుకునే అలవాటున్న ఆ ఊళ్ళో ఆ ఒక్క నెల కోతను ఎవరూ పెద్దగా ప్రశ్నించరు కూడా. గొడవంతా రెండో వాక్యం దగ్గర మొదలవుతుంది. "మిగతా రిపేర్లు" అంటే ఏవి? వాటి ధర ఎవరు కట్టారు? ఆరేళ్ళ నాటి అల్మరా తలుపుకు కొత్త తలుపు ధర ఎందుకివ్వాలి?

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది ఓనరే. డబ్బు ఆయన చేతిలో ఉంది, కోత పెడుతున్నదీ ఆయనే.

చట్టం దీన్ని ఎప్పుడో పట్టించుకుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ ప్రకారం, అద్దెకున్నవారు ఇంటిని తాము తీసుకున్నప్పుడు ఉన్న స్థితిలోనే తిరిగి అప్పగించాలి. అయితే సహజమైన అరుగుదల వల్ల, మనిషి అడ్డుకోలేని శక్తుల వల్ల వచ్చిన మార్పులకు వారి బాధ్యత లేదు. మామూలుగా మెలుగుతూ బతికినందుకు ఇంటికి పట్టే పాతదనం అద్దెలోనే చెల్లిపోయిందన్నమాట. అదే సెక్షన్ మొదట్లో ఇంకో మాట ఉంది: వేరే ఒప్పందం గానీ, స్థానికంగా భిన్నమైన ఆచారం గానీ లేకపోతేనే ఈ నియమం వర్తిస్తుంది. ఒక నెల పెయింటింగ్ కోత నిలబడుతోందంటే ఆ వెసులుబాటు వల్లే. సంతకం చేసిన పదకొండు నెలల అగ్రిమెంట్‌లో ఆ షరతు ఉంటే, "ఇది మామూలు అరుగుదల కదా" అనే వాదన బలహీనపడుతుంది. కాబట్టి ఆ షరతు చూడాల్సింది ఇంట్లో దిగే రోజున.

కేంద్ర ప్రభుత్వం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇంకాస్త స్పష్టంగా మాట్లాడింది. ఇంటికి తీసుకునే డిపాజిట్ రెండు నెలల అద్దెను మించకూడదని, తీసుకోవాల్సినవి మినహాయించుకుని మిగిలింది ఇల్లు స్వాధీనం చేసుకునే రోజునే తిరిగివ్వాలని అందులో ఉంది. ఎవరి రిపేర్లు ఎవరివో చెప్పే పట్టిక కూడా జతచేశారు. గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగు, పైపులు మార్చడం, వైరింగ్ లాంటివి ఓనర్ వంతు. కుళాయిలు, వాటి వాషర్లు, స్విచ్చులు, తలుపుల గడియలు, కిటికీ అద్దాలు, దోమతెరలు అద్దెకున్నవారి వంతు. ఇది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప అమలుకు రాదు. అయినా అగ్రిమెంట్ రాసుకునేటప్పుడు ఆ పట్టికను ముందు పెట్టుకుంటే సగం తగాదాలు పుట్టవు.

అరుగుదలకూ పాడుచేయడానికీ మధ్య గీత ఎక్కడ? ఇల్లు తిరిగి చూసే ఓనర్ మరకను చూడగానే ధర కట్టేయకుండా, అది ఎలా వచ్చిందో ముందు తేల్చుకోవాలి. గోడ రంగు ఉబ్బి, లోపలినుంచి తెల్లని పొడి రాలుతుంటే అది చెమ్మ. వెనక బాత్రూమ్ నుంచో బయటి గోడ పగుళ్ళ నుంచో నీరు పీల్చుకున్న గోడ లోపలి లవణాలను పైకి నెడుతుంది. అందులో కాపురమున్నవారి తప్పేమీ లేదు. పూజ గూడు పైన దీపం మసి, పొయ్యి వెనక నూనె జిడ్డు, పిల్లల క్రేయాన్ గీతలు అలా కాదు, అవి పైనుంచి పట్టినవి. కొంత మసి, కొంత జిడ్డు ఏ ఇంట్లోనైనా పడతాయి. తుడిస్తే పోయేది శుభ్రం చేయించే ఖర్చు, అంతే. ప్రైమర్ కొడితే గానీ పోనంత ముదిరితే అప్పుడు అది నష్టం కిందికి వస్తుంది.

బాత్రూమ్ తలుపు ఇంకా మంచి ఉదాహరణ. చెక్క తలుపు అడుగు భాగం ఈ చివరనుంచి ఆ చివరదాకా ఒకే తీరుగా ఉబ్బి పొరలు విడిపోయిందంటే రోజూ పడే నీటి తుంపర చేసిన పని అది. అడుగు అంచుకు రంగు వేయకపోవడమో, నీరు తలుపు వైపే వాలేలా నేల ఉండడమో అసలు కారణం. అదే తలుపు గొళ్ళెం దగ్గర చీలి ఉంటే, లేదా మధ్యలో సొట్ట ఉంటే, దెబ్బ తగిలిందని అర్థం. ఒకే తలుపు, రెండు రకాల లెక్క.

ఇక ధర. ఎక్కువమంది ఓనర్లు పొరబడేది ఇక్కడే. వస్తువు పాడైంది నిజమే, అద్దెకున్నవారి వల్లే పాడైంది, అదీ నిజమే. అయినా పాత వస్తువు పోతే కొత్త వస్తువు ధర పూర్తిగా వసూలు చేయడం న్యాయం కాదు. పోయింది ఆ వస్తువులో మిగిలిన ఆయుష్షు మాత్రమే. పదేళ్ళు మన్నుతుందనుకునే తలుపు ఆరేళ్ళు పనిచేశాక పాడైతే ఓనర్‌కు పోయినవి నాలుగేళ్ళు. కొత్త తలుపు ధరలో పదింట నాలుగు వంతులు తీసుకుంటే ఆయన నష్టం పూడినట్టే. మొత్తం తీసుకుంటే ఆయన ఆరేళ్ళ వాడకం ఉచితంగా వెనక్కి పొందినట్టు.

కూకట్‌పల్లిలో రెండు పడకగదుల ఫ్లాట్ ఒకటి ఉందనుకుందాం. ఆరేళ్ళ నాటి భవనం, అద్దె నెలకు 25,000, అడ్వాన్స్ 50,000. కుటుంబం దిగేముందే కొత్త రంగు వేశారు, మూడేళ్ళ తర్వాత ఖాళీ చేస్తున్నారు. అగ్రిమెంట్‌లో పెయింటింగ్ షరతు లేదు, సహజమైన అరుగుదల పోను ఇంటిని ఉన్నదున్నట్టు అప్పగించాలని మాత్రమే ఉంది. ఓనర్, ఆ కుటుంబం కలిసి ఇల్లంతా తిరిగారు.

హాల్లో, పెద్ద పడకగదిలో రంగు వెలిసింది, సోఫా ఆనిన చోట మసకబారింది. క్యాలెండర్ మేకు రంధ్రాలు రెండున్నాయి. ఇవన్నీ సహజమే, కోత లేదు. బాత్రూమ్ తలుపు అడుగున ఉబ్బింది, పైన చెప్పిన కారణంగా దానికీ కోత లేదు. పిల్లల గదిలో మాత్రం నాలుగు గోడలా క్రేయాన్, మార్కర్ గీతలున్నాయి. తుడిచి చూశారు, పోలేదు. ఆ గదికి ప్రైమర్, రెండు కోట్ల రంగు, కూలి కలిపి పెయింటర్ 8,000 అడిగాడు. లోపలి రంగు అయిదేళ్ళు ఉంటుందని ఇద్దరూ ఒప్పుకున్నారు. మూడేళ్ళు గడిచాయి, రెండేళ్ళు మిగిలాయి. కోత 3,200.

అల్మరా తలుపు మీద ఇస్త్రీ పెట్టె ఆనించిన గుర్తు, సన్‌మైకా కాలి బుడగలెక్కింది. కొత్త తలుపుకు 5,000. భవనంతో పాటే వచ్చిన అల్మరా కాబట్టి ఆరేళ్ళు గడిచాయి, పదేళ్ళ లెక్కన కోత 2,000.

వంటింట్లో గ్యాస్ సిలిండర్ పడి రెండు టైల్స్ పగిలాయి. ఈ లెక్క కొంచెం వేరు. టైల్స్ ఇల్లున్నన్నాళ్ళూ ఉండేవి, వాటికి అయిదేళ్ళూ పదేళ్ళూ అని గడువు కట్టరు. పైగా ఇక్కడ ఖర్చులో ఎక్కువ భాగం పాతవి తవ్వి, సిమెంట్ వేసి, కొత్తవి పరిచే మేస్త్రి కూలి. మొత్తం 2,800 పూర్తిగా పడుతుంది. అదే డిజైన్ బజారులో దొరకడం లేదని, వంటింటి నేలంతా మార్పించి ఆ ఖర్చు అడగడం మాత్రం కుదరదు. పగిలింది రెండు టైల్స్, నేల కాదు. దగ్గరి రంగు దొరికినవి వేయించి సర్దుకోవాల్సిందే.

చివరి కరెంటు బిల్లు 1,150. మొత్తం కోత 9,150, తిరిగి ఇవ్వాల్సింది 40,850. ఇదే ఇంటికి నెల అద్దె పెయింటింగ్‌కు పట్టుకుని, తలుపూ టైల్స్ కొత్త ధరకే లెక్కకట్టి, బిల్లు కూడా కలిపితే కోత 33,950 అయ్యేది. నెల అద్దె పెయింటింగ్ కింద తీసుకుని, పిల్లల గది గీతలకు మళ్ళీ విడిగా కోసే ఓనర్లూ ఉన్నారు. ఒకే గోడకు రెండుసార్లు వసూలు చేయడం అది.

లెక్క సరిగ్గా ఉంటే సరిపోదు, దాన్ని చూపించాలి. అమెరికాలో తెలుగువాళ్ళు చాలామంది అద్దెకుంటున్న కాలిఫోర్నియా రాష్ట్రం దీనికి గట్టి నిబంధనలు పెట్టింది. ఇల్లు ఖాళీ చేసిన 21 రోజుల్లోపు ఓనర్ ప్రతి కోతనూ వరసగా రాసిన చీటీని, మిగిలిన డబ్బును అందజేయాలి. రిపేరు, శుభ్రం కోతలు కలిపి 125 డాలర్లు దాటితే బిల్లులు జతచేయాలి. ఖాళీ చేసేముందు ఒకసారి ఇల్లు చూసి, ఏవి బాగుచేసుకుంటే కోత తప్పుతుందో చెప్పమని కోరే హక్కు కూడా అద్దెకున్నవారికి ఉంది. 2025 నుంచి ఫొటోలు తీయడాన్ని కూడా తప్పనిసరి చేశారు. దురుద్దేశంతో డబ్బు పట్టుకున్నట్టు తేలితే, అసలు సొమ్ముతో పాటు డిపాజిట్‌కు రెండింతల వరకు అదనంగా చెల్లించమని కోర్టు ఆదేశించవచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని ఓనర్లకు ఈ చట్టం వర్తించదు కానీ, ఆ పద్ధతిని అరువు తెచ్చుకోవడానికి ఏ అడ్డూ లేదు. వీటిలో అన్నిటికన్నా పనికొచ్చేది ముందస్తు తనిఖీ. రెండు వారాల ముందే "బాబూ, పిల్లల గది గోడ, అల్మరా తలుపు నీ లెక్కలోకి వస్తాయి" అని ఓనర్ చెబితే, "మాకు తెలిసిన పెయింటర్ ఉన్నాడంకుల్, మేమే వేయిస్తాం" అనే అవకాశం ఆ కుటుంబానికి ఉంటుంది. ఓనర్‌కు పని మిగులుతుంది, వాళ్ళకు డబ్బు మిగులుతుంది.

చీటీ పెద్దదిగా ఉండనక్కర్లేదు. ఒక్కో అంశానికి నాలుగు సంగతులు చాలు: ఏ గదిలో ఏది పాడైంది, దిగిన రోజు అది ఎలా ఉంది, ఎన్నేళ్ళ నాటిది, బాగుచేయడానికి ఎంతయింది. "పిల్లల గది: నాలుగు గోడల మీద మార్కర్ గీతలు. దిగేముందు కొత్త రంగు, ఫొటో ఉంది. పెయింటర్ బిల్లు 8,000. మూడేళ్ళు గడిచాయి, రెండేళ్ళకు 3,200." ఇలా రాస్తే అవతలివారు ఒక్కో అంకెనూ సరిచూసుకోగలరు. "రిపేర్లు, ఇతర ఖర్చులు 12,000" అని రాస్తే దాన్ని ఒప్పుకోవడమో పోట్లాడడమో తప్ప మరో దారి ఉండదు.

రెండో సంగతే అన్నిటికన్నా బలహీనమైన చోటు. దిగిన రోజు ఫొటోలు లేకపోతే ఆ పగుళ్ళు పాతవో కొత్తవో ఎవరూ రుజువు చేయలేరు. తాళాలిచ్చే రోజున ఒక్కో గదిలో నాలుగు గోడలు, నేల, పైకప్పు, తలుపుల రెండు వైపులు, సింకు కింద, అల్మరా లోపల ఫోన్‌తో వీడియో తీసి ఇద్దరి వాట్సాప్‌లోనూ ఉంచుకోవాలి. ఆ మెసేజ్ మీదున్న తేదీయే తర్వాత ఆధారం.

అంతా చెప్పినా అవతలివారు ఒప్పుకోకపోవచ్చు. పెయింటర్ ఎక్కువ అడిగాడని అనిపిస్తే వాళ్ళు ఇంకో పెయింటర్ దగ్గర ధర తెచ్చుకునేందుకు ఓనర్ వారం గడువివ్వవచ్చు. గొడవలేని సొమ్మును మాత్రం ఆలోగా ఆపి ఉంచకూడదు. పైన చెప్పిన ఇంట్లో గొడవ 3,200 మీదే అయితే, 40,850 అదే రోజున బ్యాంకులో వేసి ఆ ఒక్క అంశం మీద మాట్లాడుకోవచ్చు. అప్పటికీ తెగకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర దరఖాస్తు ఇచ్చి, కోర్టులో కేసు వేయకముందే లోక్ అదాలత్ ముందుకు తీసుకెళ్ళే వీలుంది. అక్కడ ముందుగా అడిగేది అగ్రిమెంట్, ఫొటోలు, బిల్లులు.