డ్రైవర్ చేసిన పనికి గేమర్‌కు శిక్ష

2023 అక్టోబరులో ఏఎండీ గ్రాఫిక్స్ కార్డులు వాడే కొందరు కొత్త డ్రైవర్ వేసుకుని, అందులోని యాంటీ-ల్యాగ్ ప్లస్ ఆన్ చేసి కౌంటర్-స్ట్రైక్ 2 ఆడారు. మౌస్ నొక్కాక తుపాకీ పేలడం తెర మీద కనబడేదాకా పట్టే జాప్యాన్ని తగ్గించే సదుపాయం అది. అంతకు మించి వాళ్లు చేసిందేమీ లేదు. అయినా మోసగాళ్లన్న ముద్ర పడి ఖాతాలు బ్యాన్ అయ్యాయి.

ఎందుకో తెలియాలంటే ముందు చీట్ సంగతి చూడాలి. గోడ వెనక నక్కిన శత్రువు మనకు కనబడకపోయినా, అతనెక్కడున్నాడో చాలాసార్లు మన కంప్యూటర్‌కు తెలుసు. అతను బయటికి రాగానే బొమ్మ గీయాలి కాబట్టి సర్వర్ ఆ వివరాన్ని కాస్త ముందే పంపుతుంది. వాల్‌హ్యాక్ దాన్ని మెమరీలోంచి లాగి తెర మీద పెడుతుంది. అందుకు బాగా పాతబడిన పద్ధతి ఒకటుంది. గేమ్‌లోని ఒక ఫంక్షన్ మొదట్లో ఉన్న బైట్లను చెరిపి, అక్కడ ‘ముందు నా కోడ్‌కు వెళ్లు’ అనే ఆదేశం రాస్తారు. 5 బైట్లు చాలు. చీట్ తన పని కానిచ్చుకుని పగ్గాలు మళ్లీ గేమ్‌కే ఇచ్చేస్తుంది. ఆట మామూలుగానే సాగిపోతుంది.

పట్టుకోవడానికి డిస్క్‌లోని అసలు ఫైలునూ మెమరీలో నడుస్తున్న కోడ్‌నూ పోల్చి చూస్తారు. ఆ 5 బైట్ల దగ్గర తేడా బయటపడుతుంది. తెలిసిన చీట్ల ఆనవాళ్లు వెతకడం, ఆటగాడి గురి మనిషికి సాధ్యమయ్యేదేనా అని సర్వర్‌లో లెక్కగట్టడం లాంటివీ ఉన్నాయిగానీ, ఏఎండీ వాడకందార్ల కొంప ముంచింది మాత్రం కోడ్‌లో కనబడిన ఈ మార్పే. వాళ్ల డ్రైవర్ కూడా గేమ్ ఇంజిన్ ఫంక్షన్లను ఇలాగే దారి మళ్లించింది. ఎందుకు మళ్లించిందో బైట్లు చెప్పవు కదా!

గేమ్ తయారుచేసిన వాల్వ్ ఆ సదుపాయం ఆన్ చేయొద్దని బహిరంగంగా హెచ్చరించింది. ఏఎండీ ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకుంది. తర్వాత బ్యాన్లూ ఎత్తేశారు. నన్నడిగితే ఇందులో ఎక్కువ తప్పు ఏఎండీదే. అలాగని డ్రైవర్లకు మినహాయింపు ఇస్తే, చీట్లు అమ్మేవాళ్లు మర్నాడే డ్రైవర్ వేషం కడతారు.

బయటివాళ్లెవరూ వేలు పెట్టకపోయినా పొరపాటు జరగొచ్చు. 2010 జులైలో మోడరన్ వార్‌ఫేర్ 2 ఆడేవాళ్లు సుమారు 12,000 మంది అన్యాయంగా బ్యాన్ అయ్యారు. స్టీమ్ డిస్క్ మీది ఫైలును అప్‌డేట్ చేస్తుండగా మెమరీలో పాత ప్రతే ఉండిపోయింది. రెండూ పొసగకపోయేసరికి తనిఖీ అది మోసమే అనుకుంది. వాల్వ్ క్షమాపణ చెప్పి, ఒక్కొక్కరికి లెఫ్ట్ 4 డెడ్ 2 రెండు కాపీలిచ్చింది. ఒకటి వాళ్లకు, ఒకటి స్నేహితుడికి.

మీరో, మీ పిల్లలో ఈ ఆటలు ఆడుతుంటే, గేమ్ లోపలికి చొరబడి పనిచేసే ‘స్పీడ్ పెంచే’ సాఫ్ట్‌వేర్ జోలికి పోకండి. వాక్ బ్యాన్ పడ్డాక స్టీమ్ సపోర్ట్‌కు ఎంత మొరపెట్టుకున్నా తీసేయరు. పొరపాటు తమదేనని వాల్వ్ తేల్చుకుంటేనే అది పోతుంది.