అలక తీరాక మిగిలే మాట

నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లో కృష్ణుడు పాదాలకు మొక్కినా సత్యభామ అలక తీరలేదు. పారిజాతాన్నే తెచ్చిస్తానన్నాక కుదుటపడింది. తీపిమాట ఒక్కటే చాలదన్నమాట.

లింగాలలో ఒక ఇంట, అమ్మాయి ఫీజుకు దాచిన సొమ్మును భర్త చెప్పకుండా తన అన్నకు సర్దాడనుకోండి. ఇల్లాలు గొంతు పెంచింది. సాయంత్రం ఫోనులో ఆమె ఇలా రాయవచ్చు:

“పొద్దున కసురుకున్నాను, నొచ్చుకోకండి. బావగారికి సాయం చేయవద్దనను. నన్నడగకుండా ఇచ్చారనే నా బాధ. గడువులోగా ఫీజు ఎలా కడదామో రాత్రి భోజనాలయ్యాక మాట్లాడుకుందాం.”

ఇందులో మన్నింపు గొంతుకే, సొమ్ము సంగతికి కాదు. మధ్యలో “కానీ” పడిందా, ఆ మన్నింపు చెల్లదు. “మీరెప్పుడూ ఇంతే” అన్నామా, పాత తగవులన్నీ లేస్తాయి. ఆయన “సరే, పోనీలే” అని ఊరుకుంటే అలక తీరినట్టే. ఫీజు మాట మాత్రం తీరనట్టే.