పది గంటలకు తెగిపోయిన కాల్స్

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, అవతల మోగే పాట వినలేక విసిగి పెట్టేస్తాం. ఆ కాల్ అంతటితో పోదు. కాల్ సెంటర్ రిపోర్టులో 'అబాండన్డ్' అనే గడిలోకి చేరుతుంది. ఏ గంటకు ఎంతమంది సిబ్బంది ఉండాలో చెప్పే గడి అది.

ఒక బ్యాంకు కస్టమర్ కేర్ అనుకుందాం. రోజుకు 1,000 కాల్స్ వస్తే 50 తెగిపోయాయి. అంటే 5 శాతం, పైకి ఫరవాలేదనిపిస్తుంది. గంటలవారీగా విడదీసి చూస్తే ఉదయం 10 నుంచి 11 లోపు 120 కాల్స్ వచ్చి, 30 తెగిపోయాయి. నలుగురిలో ఒకరు విసిగిపోయారన్నమాట. మిగతా రోజంతా కలిపి తెగినవి 20 మాత్రమే. కొరత ఆ ఒక్క గంటలోనే ఉంది.

ఇప్పుడు ఆ గంటకు ఎంతమంది కావాలి? ఎత్తిన 90 కాల్స్‌నే లెక్కగడితే పాత కొరతే మళ్లీ రోస్టర్‌కెక్కుతుంది. 120 పట్టుకున్నా పొరపాటే, ఎందుకంటే పెట్టేసినవాళ్లలో కొందరు వెంటనే మళ్లీ చేస్తారు. నంబర్లు సరిచూస్తే 12 కాల్స్ అలాంటివని తేలిందనుకుందాం. అసలు అవసరం 108.

మాట్లాడటం, ఆ తర్వాత వివరాలు నమోదు చేయడం కలిపి కాల్‌కు 5 నిమిషాలైతే మొత్తం 540 నిమిషాల పని. తొమ్మిదిమంది ఊపిరి సలపకుండా చేస్తే సరిపోతుంది. కానీ కాల్స్ వరసగా రావు. ఒక నిమిషం ఖాళీ, మరుసటి నిమిషం అయిదు ఒకేసారి. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ ఈ ఒడుదొడుకులకు 1917లోనే సూత్రం ఇచ్చాడు. ఇప్పటికీ అదే వాడతారు. దాని ప్రకారం పదిమంది ఉంటే కాల్ చేసినవారు సగటున మూడు నిమిషాలకు పైగా ఆగాలి. పదకొండో మనిషి వస్తే అది నిమిషానికి పడిపోతుంది. పన్నెండోవారు వస్తే అర నిమిషం కూడా పట్టదు. ఒక్క మనిషితో ఇంత తేడా రావడమే నాకు ఈ లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది.

టీ విరామాలు, సెలవులు, శిక్షణకు నాలుగో వంతు సమయం పోతుందనుకుంటే, పన్నెండుమంది సీట్లో ఉండాలంటే జాబితాలో పదహారుమంది పేర్లుండాలి.

ఈ సూత్రానికీ పరిమితి ఉంది. ఎవరూ విసిగి పెట్టెయ్యరన్న ఊహ మీద అది నడుస్తుంది. బ్యాంకు యాప్ ఆగిపోయి వేలమంది ఒకేసారి ఫోన్ చేసిన రోజున అది పనికిరాదు. అలాంటి గంటల్ని సగటులో కలపకుండా పక్కన పెట్టాలి. మొదటి అయిదు సెకన్లలోనే పెట్టేసినవి చాలావరకు పొరపాటు కాల్స్. వాటినీ విడిగా చూడాలి.

రోజు సగటు ఒక్కటే చూపించి అంతా బాగుందనే మేనేజరును, గంటలవారీ పట్టిక తెమ్మని అడగండి.