తొంభై ఐదు శాతం దేనికి చెందుతుంది?

1879 వేసవిలో అమెరికాలోని అన్నాపొలిస్ నౌకాదళ అకాడమీలో ఆల్బర్ట్ మైకల్సన్ అనే యువ అధ్యాపకుడు కాంతి వేగాన్ని కొలిచాడు. సెకనుకు 257 చుట్లు తిరిగే చిన్న అద్దం మీద పడిన కాంతి, సుమారు 600 మీటర్ల అవతల ఉన్న మరో అద్దాన్ని తాకి వెనక్కి వచ్చేది. అది తిరిగొచ్చేలోపు మొదటి అద్దం కాస్త మళ్లి ఉండేది. అందుకే వెలుగు బయలుదేరిన చోట కాకుండా పది సెంటీమీటర్లకు పైగా పక్కన కనిపించేది. ఆ దూరాన్ని బట్టి వేగం తేల్చేవాడు. అలా 100 కొలతలు నమోదయ్యాయి.

వాటిని తీసిన వరుసలోనే ఇరవయ్యేసి చొప్పున ఐదు కట్టలు చేసి చూద్దాం. గాలిలో కాంతి కొంచెం నెమ్మదించడానికీ, ఉష్ణోగ్రత ప్రభావానికీ సవరణగా, శూన్యంలోని వేగం కోసం మైకల్సన్ కలిపిన మొత్తం 92 కిలోమీటర్లను ఇక్కడా కలుపుదాం. మొదటి కట్ట సగటు సెకనుకు 3,00,001 కిలోమీటర్లు. ఆ ఇరవై కొలతలు ఒకదానికొకటి ఎంత ఎడంగా ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనం 105. దాన్ని ఇరవైకి వర్గమూలమైన 4.47తో భాగిస్తే 23.5 వస్తుంది. ఇరవై కొలతలకు పట్టికలో ఉండే 2.09తో దాన్ని గుణిస్తే సుమారు 49. సగటుకు అటూ ఇటూ అంత తీసుకుంటే 2,99,952 నుంచి 3,00,050 దాకా ఒక శ్రేణి ఏర్పడుతుంది. ఇదే 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్.

'అసలు వేగం ఈ రెండు అంకెల మధ్య ఉండే అవకాశం 95 శాతం' అని చాలామంది దీన్ని చదువుతారు. పాఠ్యపుస్తకాల్లోనూ, వార్తల్లోనూ ఈ వాక్యం కనిపిస్తూనే ఉంటుంది. అది తప్పు.

ఎందుకో నాలుగో కట్ట చూస్తే తెలుస్తుంది. ఇదే లెక్క దానికి చేస్తే 2,99,884 నుంచి 2,99,941 దాకా వస్తుంది. ఈ శ్రేణి ముగిసిన తర్వాత గానీ మొదటి కట్ట శ్రేణి మొదలే కాదు. రెండింటికీ ఒక్క బిందువు కూడా ఉమ్మడి లేదు. అసలు వేగం మొదటి దానిలో ఉండే అవకాశం 95 శాతం, రెండో దానిలో ఉండే అవకాశమూ 95 శాతం అంటే మొత్తం 190 శాతం అవుతుంది. ఒకే సంఖ్య రెండు వేర్వేరు చోట్ల ఉండలేదు కదా!

మరి ఆ 95 శాతం దేనికి చెందుతుంది? శ్రేణిని తయారుచేసే పద్ధతికి. కాంతి వేగం కదలదు. కట్ట మారినప్పుడల్లా మారేవి శ్రేణి హద్దులే. ఇరవై కొలతలు తీయడం, ఈ లెక్క చేయడం అనే పనిని మళ్లీ మళ్లీ చేస్తూ పోతే, వచ్చిన శ్రేణుల్లో నూటికి సుమారు తొంభై ఐదు అసలు విలువను తమలో ఇముడ్చుకుంటాయి. చేతిలో ఉన్న ఈ ఒక్క శ్రేణి ఆ తొంభై ఐదింటిలోదా, మిగిలిన అయిదింటిలోదా అన్నది ఆ లెక్క చెప్పదు. పోలండ్‌కు చెందిన గణాంకవేత్త జెర్జీ నేమన్ 1937లో ఈ సిద్ధాంతాన్ని పూర్తి రూపంలో ప్రచురించినప్పుడు స్పష్టంగా చెప్పిన విషయమే ఇది. ఒక నిర్దిష్టమైన శ్రేణికి సంభావ్యత అంటగట్టాలంటే, కొలవక ముందే అసలు విలువ గురించి మన అంచనా ఏమిటో కూడా లెక్కలోకి రావాలి. అది బేజ్ పేరుతో నడిచే మరో దారి.

పద్ధతి ఇచ్చే హామీకి ఒక షరతు ఉంది. కొలతల్లో పొరపాట్లు అటూ ఇటూ యాదృచ్ఛికంగా పడాలి గానీ, అన్నీ ఒకవైపే మొగ్గకూడదు. మైకల్సన్ వంద కొలతలనూ కలిపితే సగటు 2,99,944, శ్రేణి 2,99,929 నుంచి 2,99,960. ఇరుకైన శ్రేణి, చూడటానికి ఎంతో కచ్చితం. నేడు నిర్వచనంగా స్థిరపడిన విలువ 2,99,792.458. అది ఆ శ్రేణికి చాలా దూరంలో ఉంది. పరికరంలోనో అమరికలోనో ఉన్న మొగ్గు వంద కొలతల్లోకీ ప్రవేశిస్తే, కొలతలు ఎన్ని పెంచినా శ్రేణి ఇరుకవుతుందే తప్ప అసలు విలువ దగ్గరికి జరగదు. కట్టకూ కట్టకూ పొంతన లేకపోవడం కట్ట కట్టకూ మారే మొగ్గు ఉందనడానికి గుర్తు; అన్ని కట్టల్లో ఒకేలా ఉండే మొగ్గు మాత్రం అలా బయటపడదు.

ఈ చదువు మనకు దగ్గరి అంకెకూ వర్తిస్తుంది. హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్ మూడో దశ పరీక్షలో టీకా వేసుకున్న సుమారు 8,500 మందిలో 24 మందికి, ఉత్తుత్తి టీకా వేసుకున్న దాదాపు అంతే మందిలో 106 మందికి లక్షణాలతో కోవిడ్ సోకింది. సామర్థ్యం 77.8 శాతం, 95 శాతం శ్రేణి 65.2 నుంచి 86.4 అని 2021లో లాన్సెట్ ప్రచురించింది. దీన్ని ఇలా చదవాలి: 'నూటికి తొంభై ఐదుసార్లు అసలు విలువను పట్టుకునే పద్ధతితో లెక్కిస్తే ఈ పరీక్షకు 65.2 నుంచి 86.4 వచ్చింది.' అప్పట్లో తిరుగుతున్న వైరస్ రకాలపై, ఆ పరీక్షలో చేరినవారిలో వచ్చిన శ్రేణి అది. తర్వాత వచ్చిన ఒమిక్రాన్ గురించి ఆ రెండు అంకెలూ ఏమీ చెప్పవు.