గేమ్‌లో చీకటి సీన్లు కనపడట్లేదా? కొత్త టీవీ కొనే ముందు ఈ సెట్టింగులు చూడండి

గుంటూరులో మా ఖాలా వాళ్లింట్లో పోయిన నెల ఒక పంచాయితీ నడిచింది. డిగ్రీ చదివే తమ్ముడు ప్లేస్టేషన్ 5లో ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ ఆడుతున్నాడు. పగటి సీన్లు బాగానే ఉన్నాయి. రాత్రి అడవిలోకి వెళ్తే మాత్రం గుర్రమూ చెట్టూ మనిషీ అంతా ఒకే నల్లటి ముద్ద. టీవీ కొని రెండేళ్లు కూడా కాలేదు. 43 అంగుళాల ఎల్‌ఈడీ, పెట్టె మీద ‘4కె, హెచ్‌డీఆర్’ అని స్టిక్కర్ కూడా ఉంది. తెలిసిన దుకాణంలో అడిగితే ‘ప్యానెల్ డల్ అయిపోయింది, మార్చుకోవడమే’ అన్నారట. ‘నలభై వేలంటున్నారు బేటా, ఒకసారి వచ్చి చూసి చెప్పు’ అని ఖాలా ఫోన్ చేసింది.

వెళ్లి చూస్తే టీవీకి ఏ రోగమూ లేదు. ఒకదాని మీద ఒకటి మూడు తప్పులు పేరుకున్నాయి. చాలా ఇళ్లలో జరిగేది ఇదే కాబట్టి వివరంగా రాస్తున్నా.

ముందు తమ్ముడు ఏం చేశాడో చెప్తాను. ఏదో వీడియో చూసి ప్లేస్టేషన్‌లో RGB Range అనే సెట్టింగును Full లో పెట్టాడు. ‘ఫుల్ అంటే ఎక్కువ కలర్ కదా భాయ్’ అన్నాడు. అక్కడి నుంచి చీకటి సీన్లు ముద్దయిపోయాయి. దానికి విరుగుడుగా గేమ్ లోపల బ్రైట్‌నెస్ చివరిదాకా లాగాడు. అప్పుడు మనుషులు కనపడ్డారు గానీ రాత్రి ఆకాశం బూడిద రంగుకి తిరిగింది, పొగమంచు కప్పినట్టు. అది కూడా నచ్చక హెచ్‌డీఆర్ ఆన్ చేశాడు. అప్పుడు పగటి సీన్లు కూడా మసకబారాయి. ఆ స్థితిలో టీవీని చూసినవాళ్లెవరైనా ప్యానెల్ పోయిందనే అంటారు.

అసలు తిప్పలు మొదలైంది RGB Range దగ్గర. బొమ్మలోని ప్రతి చుక్క వెలుగునూ కన్సోల్ ఒక అంకెగా టీవీకి పంపిస్తుంది. ఇందులో రెండు పద్ధతులున్నాయి. ఫుల్ పద్ధతిలో 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు. లిమిటెడ్ పద్ధతిలో 16 నలుపు, 235 తెలుపు. సినిమాలు, టీవీ ప్రసారాలు ఎప్పటినుంచో రెండో పద్ధతిలోనే వస్తున్నాయి. రెండింటిలో ఏదీ గొప్పది కాదు, పంపేవాడూ చదివేవాడూ ఒకే పద్ధతిలో ఉంటే చాలు. నేను కామర్స్ చదివినవాణ్ణి, నాకైతే లెక్కల పుస్తకమే గుర్తొచ్చింది. రాసినవాడు ఓపెనింగ్ బ్యాలెన్స్ సున్నా అని రాస్తే, చదివేవాడు పదహారు అనుకుని చదివితే ఆ పేజీ అంతా తప్పే కదా.

కన్సోల్ ఫుల్‌లో పంపుతుంటే టీవీ లిమిటెడ్ అనుకుందనుకోండి, 0 నుంచి 16 వరకు ఉన్న మెట్లన్నీ ఒకే నలుపైపోతాయి. నీడలో ఉన్న మనిషి, చెట్టు కాండం, నేల మీది దారి అన్నీ అక్కడే ఉండేవి, అవన్నీ పోతాయి. దీనికి తిరగేసి కన్సోల్ లిమిటెడ్‌లో పంపుతుంటే టీవీ ఫుల్ అనుకుంటే, నలుపుగా రావాల్సిన 16 ముదురు బూడిద రంగులో కనిపిస్తుంది, తెలుపు కూడా కాస్త మాసినట్టుంటుంది. మనం ‘వెలిసిపోయింది’ అనేది దాన్నే.

మీ ఇంట్లో ఏది జరుగుతోందో తెలుసుకోవడం కష్టం కాదు. ముందు హెచ్‌డీఆర్ ఆఫ్ చేయండి. ఈ పరీక్ష మామూలు పిక్చర్‌లోనే చేయాలి, ఎందుకంటే హెచ్‌డీఆర్‌లో కన్సోల్ వేరే రకం సిగ్నల్ పంపొచ్చు, అప్పుడు ఈ సెట్టింగుకి పనుండదు. గేమ్‌లో ఒక చీకటి సీను దగ్గర ఆగండి. ప్లేస్టేషన్‌లో Settings, Screen and Video, Video Output లోకి వెళ్తే RGB Range ఉంటుంది. టీవీలో దీనికి జోడీ సెట్టింగును కొన్ని కంపెనీలు HDMI Black Level అంటాయి, కొన్ని HDMI video range అంటాయి. బ్లాక్ లెవెల్ అని ఉన్న టీవీల్లో Low అంటే లిమిటెడ్, Normal లేదా High అంటే ఫుల్. అటు రెండు, ఇటు రెండు, మొత్తం నాలుగు జోడీలు. నాలుగూ మార్చి మార్చి చూడండి. రెండు జోడీల్లో బొమ్మ దాదాపు ఒకేలా ఉంటుంది, అవి సరైనవి. ఒకదాంట్లో ముద్దగా ఉంటుంది, ఇంకోదాంట్లో వెలిసిపోతుంది. సరైన రెండింటిలో ఏది పెట్టుకున్నా ఫర్వాలేదు. ఏమీ తోచకపోతే రెండు చోట్లా ఆటోమేటిక్‌లో వదిలేయడం మంచిది, చేత్తో మార్చినప్పుడే ఎక్కువగా చెడుతుంది. తమ్ముడి టీవీ Low లో ఉంది, కన్సోల్ Full లో ఉంది. కన్సోల్‌ని Automatic కి తేగానే చెట్ల మధ్య దారి బయటపడింది.

తర్వాత టీవీ సంగతి. ముందుగా గేమ్ మోడ్‌లో పెట్టండి, తర్వాతే మిగతావి ముట్టుకోండి. పిక్చర్ మోడ్ మారిస్తే మిగతా సెట్టింగులు కూడా దానితో పాటే మారిపోతాయి కాబట్టి ఈ వరస ముఖ్యం. కరెంటు ఆదా చేసే మోడ్, గది వెలుగును బట్టి మారే సెన్సార్, డైనమిక్ కాంట్రాస్ట్ లాంటివి ఆపేయండి. ఇవి సీను మారినప్పుడల్లా వెలుగు తగ్గించి పెంచుతూ ఉంటాయి, అవి ఆన్‌లో ఉండగా మీరు ఎంత సరిచేసినా నిలవదు.

బ్రైట్‌నెస్ అనే మాట దగ్గర చాలామంది పొరబడతారు. చాలా టీవీల్లో బ్రైట్‌నెస్ అంటే నలుపు ఎక్కడ మొదలవాలో చెప్పే సెట్టింగు, అసలు వెలుతురు పెంచేది బ్యాక్‌లైట్. కొన్ని కొత్త టీవీల్లో మాత్రం బ్రైట్‌నెస్ అంటేనే బ్యాక్‌లైట్, నలుపుకి బ్లాక్ లెవెల్ అని వేరేగా ఇస్తారు. మెనూలో బ్యాక్‌లైట్ అనే పేరు ఉందో లేదో చూస్తే మీది ఏ రకమో తెలిసిపోతుంది. వెలుతురు చాలకపోతే బ్యాక్‌లైట్ పెంచండి. నలుపు సెట్టింగును పెంచితే వెలుతురు రాదు, నలుపు బూడిదవుతుంది. కాంట్రాస్ట్ పని వేరు, అది తెలుపు వైపు చూసుకుంటుంది. మరీ పెంచితే మేఘాలు, మంచు లాంటి చోట్ల గీతలు చెరిగి ఒకే తెల్ల మచ్చగా మారతాయి. కంపెనీ ఇచ్చిన దగ్గరే వదిలేస్తే చాలావరకు సరిపోతుంది.

ఇన్ని అయ్యాకే గేమ్ లోపలి బ్రైట్‌నెస్‌కి రావాలి. చాలా గేముల్లో ఒక చీకటి బొమ్మో గుర్తో చూపించి ‘లీలగా కనపడేదాకా’ జరపమంటారు. మనవాళ్లు అది స్పష్టంగా కనపడేదాకా జరుపుతారు, అక్కడే తప్పు. ఆ స్లైడర్ సాధారణంగా నీడల్నే కాదు, మధ్య రకం వెలుగు మొత్తాన్నీ పైకి లేపుతుంది. ముందు బొమ్మ పూర్తిగా మాయమయ్యేదాకా తగ్గించండి, ఆ తర్వాత అనుమానంగా కనపడేంత వరకు ఒకటి రెండు మెట్లు పెంచి ఆపేయండి. ఇది మీరు ఆడే వేళలో, ఆడే లైటులో చేయాలి. తమ్ముడు మధ్యాహ్నం కిటికీ తెరిచి సెట్ చేసుకుని, రాత్రి అన్నం తిన్నాక లైట్లార్పి ఆడుతున్నాడు. మధ్యాహ్నానికి సరిపోయింది రాత్రికి వెలిసిపోకుండా ఎలా ఉంటుంది?

ఇంకోటి కూడా గమనించాను. వాడు చాప మీద కూర్చుని, గోడకి ఎత్తుగా బిగించిన టీవీని కింద నుంచి చూస్తాడు. ఇలాంటి ఎల్‌ఈడీ ప్యానెళ్లని కింద నుంచో పక్క నుంచో చూస్తే నలుపు తేలిపోతుంది. కుర్చీలో కూర్చోబెట్టి చూపిస్తే తేడా వాడికే తెలిసింది. దీనికి ఏ సెట్టింగూ లేదు.

ఇక హెచ్‌డీఆర్. మామూలు పిక్చర్‌లో కన్సోల్ ‘నీకు చేతనైనంతలో ఇంత శాతం వెలుగివ్వు’ అని టీవీకి చెప్తుంది. హెచ్‌డీఆర్‌లో అలా కాదు, వెలుగు కొలత అయిన నిట్స్‌లో నేరుగా చెప్తుంది: ఈ కాగితం 200 నిట్స్, ఈ దీపం 1000 నిట్స్ అని. తక్కువ ధర టీవీల్లో చాలావరకు 300 నిట్స్ అటూఇటూగానే ఆగిపోతాయి. స్టిక్కర్ అర్థం ఆ సిగ్నల్‌ని చదవగలదని మాత్రమే, అంత వెలుగు ఇవ్వగలదని కాదు. 1000 అడిగితే 300 ఉన్న టీవీ ఏం చేస్తుంది? దీపంలో గీతలు కనపడాలని కొన్ని టీవీలు మొత్తం బొమ్మనే కిందికి నొక్కేస్తాయి. దీపం బాగుంటుంది, దాని చుట్టూ ఉన్న గది మసకేస్తుంది.

అందుకే టీవీ సత్తా ఎంతో కన్సోల్‌కి తెలియాలి. ప్లేస్టేషన్‌లో అదే Video Output పేజీలో Adjust HDR ఉంది, మూడు తెరలు వస్తాయి. మొదటి రెండూ గరిష్ఠ వెలుగుకి, మూడోది నలుపుకి. తెర మీది గుర్తు లీలగా కనపడే దగ్గర ఆపాలి. తమ్ముడు ‘ఎక్కువ ఉంటే మంచిదే’ అని మొదటి రెండు తెరల్నీ చివరికంటా నొక్కేశాడు. అంటే లేని వెలుగు ఉందని కన్సోల్‌కి చెప్పినట్టే. మళ్లీ చేయిస్తే గుర్తు చాలా ముందే లీలగా మారింది. అయితే ఈ కొలతను అన్ని గేములూ వాడుకోవు, కొన్నింటికి సొంత స్లైడర్లుంటాయి. అక్కడ పీక్ బ్రైట్‌నెస్ అంటే టీవీ ఇవ్వగల గరిష్ఠం, పేపర్ వైట్ అంటే గేమ్‌లో మామూలు తెల్ల వస్తువు ఎంత వెలగాలన్నది. హెచ్‌డీఆర్‌లో అంతా మసకగా ఉందంటే ముందు పేపర్ వైట్ పెంచి చూడండి. టీవీలో హెచ్‌డీఆర్‌కి పిక్చర్ సెట్టింగులు విడిగా ఉంటాయని కూడా గుర్తుంచుకోండి, మామూలు పిక్చర్‌లో మార్చినవి చాలా టీవీల్లో ఇక్కడికి రావు.

ఒక్కోసారి తప్పు గేమ్‌దే. ఈ రెడ్ డెడ్ 2018లో వచ్చినప్పుడు హెచ్‌డీఆర్ పేలవంగా ఉందని ఆడేవాళ్లు గట్టిగానే గొడవ చేశారు. తర్వాతి సంవత్సరం అప్‌డేట్‌లో పాతదాన్ని ‘సినిమాటిక్’ అని ఉంచి, కొత్తగా ‘గేమ్’ అనే మోడ్ చేర్చారు. తమ్ముడు ఇంకా సినిమాటిక్‌లోనే ఉన్నాడు.

కంప్యూటర్‌లో ఆడేవాళ్లయితే విండోస్ 11లో Windows HDR Calibration అనే ఉచిత యాప్ ఉంది, పని ఇలాంటిదే. హెచ్‌డీఆర్ ఉన్నప్పుడూ లేనప్పుడూ తేడా చూడాలంటే Win+Alt+B నొక్కండి.

అన్నీ సరిచేశాక ఆ రాత్రే అదే అడవి సీను రెండు రకాలుగా చూశాం. హెచ్‌డీఆర్ ‘గేమ్’ మోడ్‌లో లాంతరు మంట కాస్త బాగుంది, చెట్లు మాత్రం మామూలు పిక్చర్‌లోనే తేటగా ఉన్నాయి. ఆ టీవీ మీద నా ఓటు మామూలు పిక్చర్‌కే, తమ్ముడిదీ అదే. ఆ గేమ్ మెనూలో హెచ్‌డీఆర్ ఆఫ్ చేశాం. కన్సోల్‌లో మాత్రం HDR ను On When Supported లో పెట్టాం. Always On లో పెడితే హెచ్‌డీఆర్ లేని గేముల్ని కూడా హెచ్‌డీఆర్‌గా మార్చి పంపుతుంది, ఇలాంటి టీవీలో అవి వెలిసిపోయినట్టు కనపడొచ్చు.

నలభై వేలు మిగిలాయి. ఖాలాకి మాత్రం ఒకటే భయం: ‘మరి నా సీరియళ్లు పాడవ్వవు కదా?’ పాడవ్వలేదు. ఆ టీవీలో ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకి పిక్చర్ సెట్టింగులు విడిగా సేవ్ అవుతాయి. కేబుల్ బాక్స్ పోర్టు మేం ముట్టుకోనేలేదు.