స్పీడ్ టెస్ట్‌లో 95 ఎంబీపీఎస్, వెబ్ పేజీ మాత్రం తెరుచుకోదు: రౌటర్ కనెక్షన్ టేబుల్ నిండితే ఏం జరుగుతుంది?

స్పీడ్ టెస్ట్ పెడితే 95 ఎంబీపీఎస్ చూపిస్తుంది. అప్పటికే నడుస్తున్న యూట్యూబ్ వీడియో ఆగదు. కానీ కొత్త వెబ్‌సైట్ తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది. రిఫ్రెష్ కొడితే ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే కాసేపు అంతా బాగుంటుంది, అరగంటకి మళ్లీ అదే కథ. ఈ లక్షణాలన్నీ కలిసి కనిపిస్తున్నాయా? అయితే ప్లాన్ మార్చే ముందు రౌటర్ లోపల ఉండే కనెక్షన్ టేబుల్ గురించి తెలుసుకోండి.

మా బాబాయి కొడుకు మంగళగిరిలో ఎయిమ్స్ వైపు ఒక మేడ మీద పోర్షన్‌లో నలుగురు ఫ్రెండ్స్‌తో కలిసి ఉంటాడు. ఐదుగురికీ కలిపి ఒకటే 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. వాళ్లలో ఒకడికి ఆన్‌లైన్ ప్లేస్‌మెంట్ టెస్ట్ మధ్యలో తర్వాతి పేజీ లోడ్ అవ్వలేదు. దాంతో ఇంట్లో గొడవ మొదలైంది. అందరి వేళ్లూ టొరెంట్లు పెట్టేవాడి మీదికే వెళ్లాయి. వాడేమో "నేను డౌన్‌లోడ్ స్పీడ్ 1 ఎంబీకి కట్టేశాను అన్నా, ఇంక నా వల్ల స్లో అవ్వడమేంటి?" అన్నాడు. ఆపరేటర్ మనిషి వచ్చి లైన్ చూసి, సిగ్నల్ బాగుంది అని వెళ్లిపోయాడు. తమాషా ఏంటంటే అందరూ చెప్పిందీ నిజమే. లైన్ బాగుంది, టొరెంట్ తక్కువ స్పీడే వాడుతోంది, అయినా నెట్ ఆగిపోవడానికి కారణం ఆ టొరెంటే.

రౌటర్ రాసుకునే చిట్టా

ఇంట్లో ఎన్ని ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఉన్నా బయటి ప్రపంచానికి కనిపించే ఐపీ అడ్రస్ ఒకటే. బయటి నుంచి ఒక ప్యాకెట్ వచ్చినప్పుడు అది ఎవరి ఫోన్‌కి వెళ్లాలో రౌటర్‌కి తెలియాలి. అందుకే ఎవరు ఏ సర్వర్‌తో కొత్తగా మాట్లాడినా రౌటర్ తన మెమరీలో ఒక వరుస రాసుకుంటుంది: లోపలి ఐపీ, పోర్ట్, అవతలి ఐపీ, పోర్ట్, ఇంకా ఈ వరుసను ఎంతసేపు ఉంచాలి అన్నది. ఈ చిట్టానే కనెక్షన్ టేబుల్. చాలా రౌటర్లలో నడిచేది లినక్సే కాబట్టి దీన్ని కాన్‌ట్రాక్ అని కూడా అంటారు.

ఈ టేబుల్‌లో ఎన్ని వరుసలు పడతాయి అన్నదానికి ఒక పరిమితి ఉంటుంది. అది నిండాక కొత్త వరుసకు చోటు లేకపోతే ఆ కొత్త కనెక్షన్ మొదటి ప్యాకెట్‌ని రౌటర్ పడేస్తుంది. పాత కనెక్షన్లకు వరుస అప్పటికే ఉంది కాబట్టి అవి ఫుల్ స్పీడ్‌లో నడుస్తూనే ఉంటాయి. వీడియో ఆడుతూ, కొత్త పేజీ మాత్రం రాకపోవడానికి కారణం ఇదే. స్పీడ్ టెస్ట్ కూడా అంతే. ఎలాగోలా మొదలైతే చాలు, దానికి కావాల్సినవి కొన్ని కనెక్షన్లే కాబట్టి పూర్తి స్పీడ్ చూపిస్తుంది.

మరి ఒక్కోసారి వచ్చి, ఒక్కోసారి రాకపోవడం ఎందుకు? టేబుల్ నిండినప్పుడు లినక్స్ ఒక ప్రయత్నం చేస్తుంది. ఇంకా గట్టిపడని వరుసల్లో, అంటే అవతలి వైపు నుంచి సరిగ్గా జవాబు రాని వాటిల్లో, ఒకదాన్ని తీసేసి చోటు చేస్తుంది. అయితే టేబుల్ మొత్తం వెతకదు, ఒక చిన్న భాగంలోనే చూస్తుంది. అక్కడ దొరికితే మీ పేజీ వస్తుంది, లేకపోతే లేదు. పైగా మీ పేజీ కోసం ఇప్పుడే పడిన వరుస కూడా గట్టిపడక ముందే ఇలా ఎగిరిపోవచ్చు.

స్పీడ్ తగ్గించినా ఎందుకు లాభం లేదు?

టేబుల్‌కి ఎంబీపీఎస్‌తో పనిలేదు. ఒక కనెక్షన్‌లో 10 జీబీ వెళ్లినా, ఒక్క ప్యాకెట్ వెళ్లినా వరుస ఒకటే. టేబుల్ ఎంత నిండుతుంది అన్నది రెండు విషయాల మీదే ఆధారపడుతుంది: సెకనుకి ఎన్ని కొత్త కనెక్షన్లు మొదలవుతున్నాయి, ఒక్కో వరుస ఎన్ని సెకన్లు ఉంటుంది. ఈ రెండూ గుణిస్తే వరుసల సంఖ్య వస్తుంది.

క్యూబిట్‌టొరెంట్‌నే తీసుకోండి. దాని అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో `Outgoing connections per second` అని ఒకటుంది, డిఫాల్ట్ 30. స్వార్మ్‌లో చాలా మంది పీర్లు ఆఫ్‌లైన్‌లో ఉంటారు, లేదా ఫైర్‌వాల్ వెనక ఉంటారు, జవాబివ్వరు. టొరెంట్ యాప్ కాసేపు చూసి అలాంటి పీర్‌ని వదిలేసి ఇంకొకరి దగ్గరికి పోతుంది. కానీ రౌటర్ అంత త్వరగా మర్చిపోదు. జవాబు రాని టీసీపీ ప్రయత్నాన్ని లినక్స్ డిఫాల్ట్‌గా 120 సెకన్లు ఉంచుతుంది. 30 × 120 = 3,600. అంటే రెండు నిమిషాల పాటు అదే వేగంతో కొత్త పీర్లను తడితే, ఒక్క బైట్ కూడా డౌన్‌లోడ్ కాకుండానే 3,600 వరుసలు పడగలవు. దీనికి తోడు పీర్లను వెతికే డీహెచ్‌టీ, కొత్త కొత్త అడ్రస్‌లకు యూడీపీ ప్యాకెట్లు పంపుతూనే ఉంటుంది. ప్రతి కొత్త అడ్రస్‌కీ ఒక వరుస.

యాప్‌లో మనకి 500 కనెక్షన్లే కనిపిస్తాయి. అవి బతికున్న లెక్క. వదిలేసినవి కూడా ఇంకా రౌటర్ చిట్టాలో ఉంటాయి. ఆ తేడా తెలియకే మావాడు "నావి 500 కూడా లేవు" అని వాదించాడు.

మంగళగిరిలో ఎలా తేల్చాం

ముందు పింగ్‌తో చూశాం. ఒక ల్యాప్‌టాప్‌లో నెట్ బాగున్నప్పుడే ఇది మొదలుపెట్టి వదిలేశాం:

```
ping -t 8.8.8.8
```

ఇబ్బంది మొదలైన తర్వాత ఇంకో విండోలో `ping 1.1.1.1` కొట్టాం. మొదటి విండోలో జవాబులు మామూలు టైమ్‌కే వస్తున్నాయి. రెండో దాంట్లో మాత్రం `Request timed out.` అని పడుతోంది. ఇదే అసలు గుర్తు. అప్‌లోడ్ నిండిపోయి నెట్ స్లో అయితే రెండింటికీ జవాబు వస్తుంది, కాకపోతే రెండూ వందల మిల్లీసెకన్లకు పెరుగుతాయి. లైన్ పోతే రెండూ ఆగిపోతాయి. పాతది బాగుండి, కొత్తది మాత్రమే ఆగితే టేబుల్‌ని అనుమానించాలి.

ఆపరేటర్ ఇచ్చిన బాక్సులో ఈ లెక్క చూపించే పేజీ లేదు. అందుకని నా పాత రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసి ఆ బాక్సు వెనక పెట్టాం, అందరూ దీని వైఫైకే కనెక్ట్ అయ్యేలా. దీని టేబుల్ పరిమితి 16,384 కాబట్టి ఇది ముందు నిండదు. కానీ ముందున్న బాక్సుకి సుమారుగా ఎన్ని కనెక్షన్లు వెళ్తున్నాయో దీనిలో కనిపిస్తుంది.

```
cat /proc/sys/net/netfilter/nf_conntrack_count
cat /proc/sys/net/netfilter/nf_conntrack_max
```

టొరెంట్ లేకుండా ఐదుగురూ మామూలుగా వాడుతుంటే 400 చుట్టూ ఉంది. ఉబుంటు ఐఎస్ఓతో పాటు ఇంకో నాలుగు పెద్ద టొరెంట్లు పెట్టగానే లెక్క వేలల్లోకి ఎక్కింది. 4,000 దాటుతుండగా కొత్త పేజీలు ఆగడం మొదలైంది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ దాదాపు అక్కడే. రెండు పెట్టెల్లో టైమౌట్లు వేరుగా ఉండొచ్చు కాబట్టి ఇది అంచనాయే, కానీ ఆ బాక్సు పరిమితి 4,096 అయి ఉంటుందని అర్థమైంది. మీ రౌటర్‌లోనే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఉంటే ఇంకా సులువు. `dmesg` కొడితే టేబుల్ నిండినప్పుడల్లా ఈ లైన్ కనిపిస్తుంది:

```
nf_conntrack: table full, dropping packet
```

ఆపేసినా వెంటనే ఎందుకు బాగుపడదు?

టొరెంట్ యాప్‌ని సరిగ్గా మూసేస్తే అది అవతలి వాళ్లకి ముగింపు ప్యాకెట్లు పంపుతుంది, రెండు మూడు నిమిషాల్లో వరుసలు చాలావరకు ఖాళీ అవుతాయి. ల్యాప్‌టాప్ మూత ఠక్కున మూసేస్తే ఆ ముగింపు వెళ్లదు. అప్పుడు రౌటర్ దృష్టిలో ఆ టీసీపీ కనెక్షన్లు ఇంకా బతికే ఉన్నట్టు లెక్క. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వీటిని 7,440 సెకన్లు, అంటే 2 గంటల 4 నిమిషాలు ఉంచుతుంది. లినక్స్ అసలు డిఫాల్ట్ 4,32,000 సెకన్లు, అంటే ఏకంగా 5 రోజులు. రీస్టార్ట్ కొడితే నెట్ బాగుపడటంలో మాయేమీ లేదు, చిట్టా మొత్తం చెరిగిపోతుంది అంతే.

అలాగని ఈ టైమ్‌ని 5 నిమిషాలకు తగ్గించేయకండి. నోటిఫికేషన్ల కోసం ఫోన్ యాప్‌లు ఒక కనెక్షన్‌ని చాలాసేపు మాట్లాడకుండా తెరిచి ఉంచుతాయి. వరుస పోతే ఆ కనెక్షన్ చప్పుడు లేకుండా చచ్చిపోతుంది, మెసేజ్‌లు ఆలస్యమవుతాయి. టీసీపీ కీప్‌అలైవ్ సాధారణంగా 2 గంటలకు ఒకసారి వెళ్తుంది. 2 గంటల 4 నిమిషాలు అనే అంకె వెనక లెక్క అదే.

ఏం మార్చాం

మొదటి మార్పు టొరెంట్ యాప్‌లోనే. `Global maximum number of connections` 500 నుంచి 150కి, `Maximum number of connections per torrent` 100 నుంచి 40కి, `Outgoing connections per second` 30 నుంచి 5కి తగ్గించాం. ఇప్పుడు లెక్క 5 × 120 = 600. ట్రాకర్ ఉన్న టొరెంట్లే కాబట్టి డీహెచ్‌టీ కూడా ఆపేశాం. డౌన్‌లోడ్ స్పీడ్ మీద కట్టిన 1 ఎంబీ పరిమితి తీసేశాం. రౌటర్‌లో లెక్క 1,500 దాటలేదు, టొరెంట్ ముందుకన్నా వేగంగా దిగింది, పక్కవాళ్లకి పేజీలూ ఆగలేదు. పీర్లు ఎక్కువైతే స్పీడ్ పెరుగుతుందని అనుకుంటాం కానీ మంచి సీడర్లు 20 మంది ఉంటే 100 ఎంబీపీఎస్ లైన్ నిండడానికి చాలు. ఒక్క విషయం గుర్తుంచుకోండి: ఈ సెట్టింగ్ ఆ ఒక్క ల్యాప్‌టాప్‌కే. ఇంట్లో ఇద్దరు టొరెంట్లు పెడితే ఇద్దరూ మార్చాలి.

రెండో దారి టేబుల్ పెంచడం. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఇలా:

```
sysctl -w net.netfilter.nf_conntrack_max=32768
```

ఒక్కో వరుసకి సుమారు 300 బైట్ల ర్యామ్ అనుకుంటే 32,768 వరుసలకు 10 ఎంబీ దాకా పడుతుంది. 128 ఎంబీ ర్యామ్ ఉన్న రౌటర్‌కి ఇది భారం కాదు, 32 ఎంబీ ఉన్నదానికి మాత్రం భారమే. పైగా మంగళగిరి ఇంట్లోలాగా ముందు ఆపరేటర్ బాక్సు కూడా రౌటర్‌గా పనిచేస్తుంటే, వెనక ఎంత పెద్ద రౌటర్ పెట్టినా ఆ బాక్సు టేబులే నిండుతుంది. ఆ బాక్సుని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమని ఆపరేటర్‌ని అడిగితేనే మీ రౌటర్ టేబుల్ పనికొస్తుంది.

ఇంకో పరిమితి మీ చేతిలో ఉండదు. మీ రౌటర్ వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే, ఆపరేటర్ దగ్గర కూడా ఇలాంటి టేబులే ఇంకొకటి ఉన్నట్టు. ఒక ఐపీని చాలా ఇళ్లకు పంచుతూ ఒక్కో ఇంటికి ఇన్ని పోర్టులే అని ఆపరేటర్ కడితే, అది కూడా ఇలాగే నిండుతుంది. మీ రౌటర్‌లో లెక్క తక్కువగానే ఉన్నా ఇవే లక్షణాలు వస్తుంటే కారణం అక్కడ ఉండొచ్చు. అప్పుడు ఐపీవీ6 ఆన్ చేస్తే ఆ దారిన వెళ్లే ట్రాఫిక్ ఆపరేటర్ పోర్టుల కోటాని తాకదు. మీ రౌటర్ ఫైర్‌వాల్ మాత్రం వాటికీ వరుసలు రాస్తూనే ఉంటుంది.

కొత్త రౌటర్ కొంటుంటే, డబ్బా మీద ఏసీ1200, ఏఎక్స్3000 అని రాసేది వైఫై స్పీడ్ గురించే. టేబుల్ సైజు అక్కడ ఉండదు. స్పెసిఫికేషన్ షీట్‌లో సెషన్ల సంఖ్య ఇచ్చారేమో చూడండి, ఇవ్వకపోతే ర్యామ్ ఎంతో, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సపోర్ట్ ఉందో లేదో చూడండి. అంతకన్నా ముందు, ఖర్చు లేకుండా ఆ రెండు పింగ్ విండోలు తెరిచి చూడండి.