ఇన్వర్టర్ యాప్ లెక్క, కరెంటు బిల్లు లెక్క

పోయిన ఏడాది జూన్‌లో మన వాట్సాప్ గ్రూపులో ఒక కుటుంబం తమ సోలార్ యాప్ స్క్రీన్‌షాట్ పెట్టింది. ఆ రోజు ఇరవై నాలుగు యూనిట్లు తయారయ్యాయి. "మనం యూనిట్‌కు 25 పెన్నీలు కడుతున్నాం కదా, అంటే రోజుకు ఆరు పౌండ్లు. ఈ లెక్కన మూడేళ్ళలో పెట్టుబడి వెనక్కి వచ్చేస్తుంది" అని కింద రాశారు. ఆదివారం భోజనాల దగ్గర ఇంకో నలుగురు అదే లెక్క వేసుకుని కొటేషన్లు అడగడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ కుటుంబానికి పూర్తి ఏడాది లెక్కలు చేతికొచ్చాయి. పేరు రాయవద్దన్న షరతు మీద వాటిని మాకు చూపించారు. మొదటి స్క్రీన్‌షాట్‌లో ఏం తప్పిపోయిందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు దొరకదు.

వాళ్ళ ఇల్లు మిడ్‌లాండ్స్‌లో ఉంది. దక్షిణం వైపు వాలిన కప్పు మీద 400 వాట్ల ప్యానెళ్ళు పది, అంటే నాలుగు కిలోవాట్ల వ్యవస్థ. బ్యాటరీ లేదు. ఖర్చు 6,500 పౌండ్లు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, పిల్లలు బడికి వెళ్తారు.

ఆ జూన్ రోజు స్క్రీన్ మీద నాలుగు అంకెలున్నాయి. జనరేషన్ 24.0, కన్సంప్షన్ 11.2, ఎక్స్‌పోర్ట్ 17.4, ఇంపోర్ట్ 4.6. (యాప్‌లో kWh అని కనిపించేదే మన బిల్లులోని యూనిట్. kW అని కనిపించేది ఆ క్షణంలో కరెంటు ఎంత వేగంగా వస్తోందో, పోతోందో చెప్పే అంకె. ఈ రెండూ కలిపేసుకుని కంగారుపడేవాళ్ళు చాలామంది.) మన లెక్కకు కావలసిన అయిదో అంకె చాలా యాప్‌లలో ముఖ్యమైన తెర మీద ఉండదు, మనమే తీసుకోవాలి. తయారైన 24.0 లోంచి బయటికి పోయిన 17.4 తీసేస్తే 6.6. సూర్యుడిచ్చిన కరెంటులో ఇల్లు నిజంగా వాడుకున్నది అంతే. దీన్ని సరిచూసుకోవచ్చు కూడా. ఆ 6.6 కు బయటినుంచి కొన్న 4.6 కలిపితే 11.2, అంటే కన్సంప్షన్ అంకె రావాలి. ఇక్కడ వచ్చింది.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇల్లు వాడుకున్న ప్రతి యూనిట్ మనం కొనకుండా తప్పించుకున్నది, కాబట్టి దాని విలువ 25 పెన్నీలు. బయటికి పోయిన యూనిట్‌కు మాత్రం ఎక్స్‌పోర్ట్ ధరే వస్తుంది. వాళ్ళ సరఫరాదారు ఇచ్చే ధర 15 పెన్నీలు అనుకుందాం. 6.6 యూనిట్లకు 1.65 పౌండ్లు, 17.4 యూనిట్లకు 2.61 పౌండ్లు, మొత్తం 4.26. ఆరు పౌండ్లు కాదు. అదే డిసెంబరులో ఒక మబ్బు రోజు చూస్తే జనరేషన్ 1.9, ఎక్స్‌పోర్ట్ 0.2, కన్సంప్షన్ 12.7, ఇంపోర్ట్ 11.0. ఆ రోజు మొత్తం లాభం 46 పెన్నీలు. ఈ దేశంలో జూన్ నెల మొత్తానికీ డిసెంబరు నెల మొత్తానికీ ఉత్పత్తిలో అయిదారు రెట్లు తేడా ఉంటుంది. ఒక్క రోజు స్క్రీన్‌షాట్‌ను 365తో గుణిస్తే వచ్చేది ఊహే తప్ప లెక్క కాదు.

యాప్‌లో రంగుల చక్రంతో చూపించే శాతాలు కూడా తికమక పెడతాయి. డిసెంబరు రోజున "సెల్ఫ్ కన్సంప్షన్" 89 శాతం, జూన్‌లో 27 శాతమే. పెద్ద శాతం వచ్చింది కదా అని డిసెంబరు బాగుందనుకుంటే పొరపాటు. తయారైందే రెండు యూనిట్లు కాబట్టి ఇల్లు వెంటనే మింగేసింది, అంతే. పెట్టుబడి సంగతి చూసేటప్పుడు ఆ చక్రాన్ని పక్కన పెట్టి యూనిట్లే చూడండి.

యాప్‌లో ఏడాది తెర తీస్తే ఆ కుటుంబానికి వచ్చిన అంకెలివి. జనరేషన్ 3,700 యూనిట్లు, ఎక్స్‌పోర్ట్ 2,350. అంటే ఇల్లు వాడుకున్నది 1,350. దానికి 25 పెన్నీల చొప్పున 337 పౌండ్లు, ఎక్స్‌పోర్ట్‌కు 15 పెన్నీల చొప్పున 352 పౌండ్లు. కలిపి సుమారు 690 పౌండ్లు. 6,500 ను దీనితో భాగిస్తే తొమ్మిదిన్నరేళ్ళు. మూడేళ్ళు కాకపోయినా, ప్యానెళ్ళు పాతికేళ్ళ వరకు పనిచేస్తాయి కనుక ఇదేమీ చెడ్డ లెక్క కాదు. మధ్యలో ఒకసారి ఇన్వర్టర్ మార్చవలసి రావచ్చు, దానికి కొంత పక్కన పెట్టుకోవాలి.

ఇదే యాప్ "ఆదాయం" అని 925 పౌండ్లు చూపించింది. ఎందుకంటే సెట్టింగుల్లో ఒకే ధర వేసి ఉంది, 3,700 యూనిట్లనూ దానితోనే గుణించింది. చాలా యాప్‌లు ఇలాగే చేస్తాయి. మీ యాప్‌లో ఆ గడిని ఒకసారి తెరిచి చూడండి. ఇంపోర్ట్‌కూ ఎక్స్‌పోర్ట్‌కూ వేరువేరు ధరలు వేసే వీలు లేకపోతే ఆ ఆదాయం అంకెను అసలు పట్టించుకోకండి.

అసలు దెబ్బ మాత్రం ఇంకోచోట తగిలింది. ఎక్స్‌పోర్ట్ డబ్బు 352 పౌండ్లు అని పైన రాశాం కదా, అందులో ఒక్క పెన్నీ కూడా వాళ్ళకు రాలేదు. ఏడాది బిల్లులన్నీ ముందేసుకుని వెతికితే ఎక్స్‌పోర్ట్ అనే వరుసే లేదు. ప్యానెళ్ళు పెట్టినవాళ్ళు అది చూసుకుంటారని వీళ్ళు అనుకున్నారు, అది ఇంటివాళ్ళ పని అని వాళ్ళు అనుకున్నారు. యాప్ మాత్రం రోజూ నమ్మకంగా ఎక్స్‌పోర్ట్ అంకె చూపిస్తూనే ఉంది. కరెంటు బయటికి పోయిందనే యాప్‌కు తెలుసు, దానికి ఎవరైనా డబ్బిచ్చారా లేదా అన్నది దానికి తెలియదు. ఎక్స్‌పోర్ట్ డబ్బు లేకుండా లెక్క వేస్తే ఏడాదికి 337 పౌండ్లు, పెట్టుబడి తిరిగి రావడానికి పందొమ్మిదేళ్ళు.

ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో 2020 జనవరి నుంచి స్మార్ట్ ఎక్స్‌పోర్ట్ గ్యారంటీ అనే పథకం ఉంది. పెద్ద సరఫరాదారులు ఎక్స్‌పోర్ట్‌కు ఏదో ఒక ధర ఇచ్చి తీరాలి, కానీ ఎంత అన్నది వాళ్ళిష్టం. నాలుగైదు పెన్నీలు ఇచ్చేవాళ్ళున్నారు, దానికి మూడు రెట్లు ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. కరెంటు ఒకరి దగ్గర కొంటూ ఎక్స్‌పోర్ట్ ఇంకొకరికి అమ్మవచ్చు, అయితే మంచి ధరలు చాలావరకు తమ దగ్గర కొనేవాళ్ళకే ఇస్తారు. ఇది దానంతట అది మొదలు కాదు, మనమే దరఖాస్తు చేసుకోవాలి. ప్యానెళ్ళు పెట్టినప్పుడు ఇచ్చిన ఎంసీఎస్ సర్టిఫికెట్, స్థానిక నెట్‌వర్క్ సంస్థకు తెలియజేసినట్టు కాగితం, అరగంటకోసారి రీడింగ్ పంపే స్మార్ట్ మీటర్ ఉండాలి. ఎక్స్‌పోర్ట్‌కు వేరే మీటర్ నంబరు కేటాయిస్తారు. అది రావడానికి వారాలు పడుతుంది, ఒప్పందం మొదలయ్యే ముందు పోయిన యూనిట్లకు సాధారణంగా డబ్బు రాదు. మన కుటుంబానికీ రాలేదు.

2019 మార్చిలోపు ఫీడ్ ఇన్ టారిఫ్‌లో చేరిన పాత సభ్యుల సంగతి వేరు. వాళ్ళలో చాలామందికి ఎక్స్‌పోర్ట్ కొలవకుండా, తయారైనదాంట్లో సగం బయటికి పోయిందని అనుకుని డబ్బిస్తారు. కాబట్టి వాళ్ళు పగలు ఎంత వాడుకున్నా వచ్చేది తగ్గదు. వాళ్ళు ఇచ్చే సలహా కొత్తవాళ్ళకు, కొత్తవాళ్ళ సలహా వాళ్ళకు పనికిరాదు.

ఈ రెండు ధరలు తెలిస్తే ఇంట్లో వాదనలు కొన్ని తీరిపోతాయి. "ఎండ ఉంది కదా, ఊరికే వచ్చే కరెంటే, హీటర్ వేసుకోండి" అంటారు పెద్దవాళ్ళు. 15 పెన్నీలకు అమ్ముడుపోయే యూనిట్ ఊరికే వచ్చింది కాదు, వాడితే ఆ 15 పెన్నీలు పోతాయి. రాత్రి ఎలాగూ వేసే వాషింగ్ మెషీన్‌ను పగటికి మారిస్తే యూనిట్‌కు 10 పెన్నీలు మిగులుతాయి. ఎక్స్‌పోర్ట్ ధర 4 పెన్నీలే ఉన్నవాళ్ళకు 21 పెన్నీలు మిగులుతాయి.

బ్యాటరీ అమ్మేవాళ్ళు కూడా ఈ ఎక్స్‌పోర్ట్ స్క్రీన్‌షాటే చూపించి "ఇంత కరెంటు వృథాగా పోతోంది" అంటారు. ఏడాదికి 1,000 యూనిట్లు బయటికి పంపకుండా బ్యాటరీలో దాచామనుకోండి. దాచి తీయడంలో పదో వంతు పోతే 900 చేతికొస్తాయి, విలువ 225 పౌండ్లు. కానీ అమ్ముకుంటే వచ్చే 150 పౌండ్లు వదులుకున్నాం. మిగిలింది 75. మూడు వేల పౌండ్ల బ్యాటరీకి ఇది చాలదు. రాత్రి చవక ధరకు కరెంటు కొని నింపుకునే టారిఫ్ ఉంటే లెక్క మారుతుంది, అయితే అప్పుడు మిగిలేది ప్యానెళ్ళ వల్ల కాదు.

ఇదంతా యాప్ అంకెలు నిజమైతేనే. జనరేషన్‌ను ఇన్వర్టర్ తానే కొలుస్తుంది, అందులో తేడా వస్తే కొద్ది శాతమే. ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ మాత్రం మీటరు దగ్గర మెయిన్ వైరుకు తగిలించిన చిన్న క్లాంప్ చెబుతుంది. కన్సంప్షన్‌ను ఈ మూడింటి నుంచి యాప్ లెక్కగడుతుంది. ఆ క్లాంప్ తిరగేసి పెడితే ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్‌గా కనిపిస్తుంది. పొద్దు గుంకాక యాప్ తెరవండి. బ్యాటరీ లేని ఇంట్లో అప్పుడు ఎక్స్‌పోర్ట్ సున్నా ఉండాలి. కెటిల్ పెట్టండి. కెటిల్ సుమారు మూడు కిలోవాట్లు లాగుతుంది, కాసేపట్లో ఇంపోర్ట్ అంత మేరకు పెరగాలి. దానికి బదులు ఎక్స్‌పోర్ట్ పెరిగితే క్లాంప్ తిరగబడింది.

ఇంకో ఇంట్లో క్లాంప్ దిశ సరిగ్గానే ఉంది కానీ, కారు చార్జర్‌కు పోయే వైరు క్లాంప్‌కు ముందే విడిపోయింది. కారు రాత్రంతా చార్జ్ అయినా యాప్‌లో కన్సంప్షన్ ఆరేడు యూనిట్లే. బిల్లు చూసి సరఫరాదారుతో గొడవకు దిగారు కూడా. పగలు కారు పెట్టినప్పుడు సోలార్ కరెంటు కారులోకే పోతున్నా యాప్ దాన్ని ఎక్స్‌పోర్ట్ అని చూపించేది. ఇలాంటివి కెటిల్‌తో తెలియవు, మీటరుతోనే తెలుస్తాయి. స్మార్ట్ మీటరు బటన్ నొక్కుతూ పోతే ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ రీడింగులు రెండూ వస్తాయి. ఒకటో తారీఖున ఫొటో తీసి, మళ్ళీ నెల ఒకటో తారీఖున తీసి, ఆ తేడాను యాప్ నెల అంకెతో పోల్చండి. రెండు మూడు శాతం అటూ ఇటూ ఉంటే ఫరవాలేదు. డబ్బు వచ్చేది మీటరు రీడింగు మీదే, కాబట్టి రెండూ కుదరనప్పుడు మీటరునే నమ్మాలి.

వచ్చే నెలలో మీ లెక్కలు మాతో కలిసి చూసుకోవాలనుకునేవారు ఒక రోజు స్క్రీన్‌షాట్ కాక, ఏడాది తెర, సరఫరాదారు పంపిన చివరి బిల్లు, మీటరు ఫొటోలు రెండు తెచ్చుకోండి. ఆ బిల్లులో ఎక్స్‌పోర్ట్ వరుస కనబడకపోతే అంతవరకు ఆగవద్దు, ఈరోజే సరఫరాదారుకు ఫోన్ చేయండి.